దోమపోటుకు ఎండిన వరిచేను ఎన్ని సెంట్లు? ఒక ఫొటో, వంద గళ్ళతో లెక్క కట్టడం

సుడిదోమ తగిలిన వరిచేనును గట్టు మీద నిలబడి చూసిన ఇద్దరు మనుషులు ఒకే అంకె చెప్పడం అరుదు. ఒకరు పావు వంతు పోయిందంటారు, మరొకరు పదో వంతు కూడా లేదంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. దోమ తగిలి గుండ్రంగా ఎండిపోయిన మచ్చనే సుడి అంటారు. కాళ్ళ దగ్గరి సుడి చాపలా పరుచుకుని కనిపిస్తుంది, అంతే వెడల్పున్న సుడి అవతలి గట్టు పక్కన ఉంటే సన్నని గోధుమ రంగు గీతలా కనిపిస్తుంది. కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని బట్టి అంచనా మారిపోతుంది. ఫొటో మీద గళ్ళు గీసి లెక్కించే పద్ధతి ఈ తేడాను తొలగించడానికే ఉంది. అయితే గళ్ళను తప్పుగా గీసినా, సరిగ్గా గీసి తప్పుగా లెక్కించినా, కంటి అంచనా కంటే పెద్ద తప్పు వస్తుంది. పైగా అది అంకెల్లో ఉంటుంది కనుక ఎవరూ అనుమానించరు.

ఈ పద్ధతి మచ్చలు మచ్చలుగా, అంచు తెలిసేలా పోయే పంటకు మాత్రమే పనికివస్తుంది. దోమపోటు అందుకు సరైన ఉదాహరణ. కాండం తొలుచు పురుగు వల్ల వచ్చే తెల్లకంకులు చేనంతా చెదురుమదురుగా ఉంటాయి కాబట్టి వాటిని ఇలా ఫొటోలో లెక్కించకూడదు. వాటికి చదరపు మీటరు చొప్పున చేలో దిగి కంకులు లెక్కపెట్టడమే దారి.

ముందు ఎండినది దోమకేనని రూఢి చేసుకోండి

ఫొటోలో గోధుమ రంగు మచ్చ కనిపిస్తుంది గాని కారణం కనిపించదు. చౌడు మచ్చ, ఎలుకలు కొరికిన చోటు, పడిపోయిన పైరు, మిగతా చేను కంటే ముందు పండిన మూల, ఇవన్నీ దూరం నుంచి దాదాపు ఒకేలా ఉంటాయి. అందువల్ల కెమెరా తీయడానికి ముందు ప్రతి సుడి అంచుకూ నడిచి వెళ్ళి, ఇంకా కొంత పచ్చగా ఉన్న దుబ్బును రెండు చేతులతో విడదీసి, మొదట్లో నీటి మట్టానికి కాస్త పైన చూడండి. దోమ ఉంటే గోధుమ రంగు పిల్ల పురుగులు పిలకలకు అంటుకుని గుంపుగా కనిపిస్తాయి, దుబ్బును తట్టగానే నీటి మీద రాలి పక్కపక్కలకు జరుగుతాయి. మొదళ్ళు జిగటగా ఉండి, వాటి మీద మసిలాంటి నల్లని బూజు పట్టి ఉండడం మరో గుర్తు. ఎలుకల పని అయితే పిలకలు మొదట్లో ఏటవాలుగా కోసినట్టు తెగి ఉంటాయి. ఎలుకలు కూడా గట్టు అంచును వదిలి చేను మధ్యలోనే కొరుకుతాయి కనుక ఈ రెండింటినీ ఫొటోలో కలగలిపేయడం తేలిక. దోమది కాని మచ్చలను ఒక కాగితం మీద చేను బొమ్మ వేసి గుర్తు పెట్టుకుంటే, తర్వాత లెక్కలో వాటిని వదిలేయవచ్చు.

చేనును కొలిచి కర్రలు పాతండి

ఇక్కడ ఒక నిజమైన కొలత తీసుకుందాం. చేను పొడవు 88 గజాలు, వెడల్పు 55 గజాలు అనుకుంటే, విస్తీర్ణం 4,840 చదరపు గజాలు, అంటే సరిగ్గా ఒక ఎకరం. ఎకరానికి 100 సెంట్లు కనుక, ఈ చేనును నిలువునా పది, అడ్డంగా పది భాగాలు చేస్తే వచ్చే వంద గళ్ళలో ప్రతి గడీ ఒక సెంటు అవుతుంది. ఎన్ని గళ్ళు ఎండితే అన్ని సెంట్లు, అంతే శాతం. తెలంగాణలో గుంటల్లో చెప్పాలంటే ఎకరానికి 40 గుంటలు కాబట్టి గడికి 0.4 గుంట అవుతుంది. చేను ఎకరానికి తక్కువో ఎక్కువో అయినా వంద గళ్ళే చేయండి. శాతం నేరుగా వస్తుంది, సెంట్లు కావాలంటే తర్వాత హెచ్చవేసుకోవచ్చు.

వంద గళ్ళకు గట్ల చుట్టూ నలభై కర్రలు పాతనక్కరలేదు. నాలుగు మూలలా నాలుగు, ప్రతి గట్టునూ ఐదు సమాన భాగాలు చేసే చోట్ల నాలుగేసి, మొత్తం ఇరవై కర్రలు చాలు. మన ఉదాహరణలో పొడవాటి గట్ల మీద 17.6 గజాలకొకటి, పొట్టి గట్ల మీద 11 గజాలకొకటి వస్తాయి. కర్ర పైరు కంటే రెండు మూడు అడుగులు ఎత్తుండాలి. దాని మీద పైరు ఎత్తు ఎంతో అక్కడ తెల్ల గుడ్డ పీలిక కట్టండి. గీతలు గీసేటప్పుడు ఈ పీలికలనే కలపాలి. కర్ర మొదలును కలిపితే గీత నేల మీద పడుతుంది, మనం చూసేదేమో పైరు పైభాగం.

దూరాలను అడుగులతో కాక టేపుతోనో, ముడులు వేసిన పురికొసతోనో కొలవండి. గట్టు మీద నడిచేవాడి అడుగు బురద చోట చిన్నదవుతుంది.

ఫొటో ఎక్కడి నుంచి, ఎంత ఎత్తు నుంచి

అవకాశం ఉంటే నిట్టనిలువుగా పై నుంచి తీసిన ఫొటోనే మేలు. ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసేవారి దగ్గర ఉండే డ్రోనైనా సరిపోతుంది. మామూలు వైడ్ లెన్సు ఉన్న డ్రోన్ 60 మీటర్ల ఎత్తుకు వెళ్తే ఎనభై మీటర్ల పొడవున్న ఈ ఎకరం ఒకే ఫొటోలో పడుతుంది. కెమెరాను పూర్తిగా కిందికి తిప్పి, చేను మధ్యలో నిలిపి తీయమని చెప్పండి. అందంగా ఉంటుందని వారు ఏటవాలుగా తీయబోతారు, ఆ అందం మనకు అక్కరలేదు.

డ్రోన్ లేనప్పుడు మేడ మీద నుంచో, వెదురు గడకు ఫోను కట్టి పైకెత్తో ఏటవాలుగా తీయాల్సి వస్తుంది. అప్పుడు ఎత్తు ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఎందుకంటే నిలిచి ఉన్న పైరు తన వెనకనున్న ఎండి వాలిన పైరును దాచేస్తుంది. ఎంత మేర దాస్తుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు: నిలిచిన పైరు ఎత్తు, ఎండిన పైరు ఎత్తు, ఈ రెండింటి తేడాను కెమెరా నుంచి ఉన్న దూరంతో హెచ్చవేసి, కెమెరా ఎత్తులోంచి నిలిచిన పైరు ఎత్తు తీసివేయగా మిగిలిన దానితో భాగించాలి. నిలిచిన పైరు 1 మీటరు, ఎండింది పూర్తిగా నేలకొరిగింది, కెమెరా 4 మీటర్ల ఎత్తులో ఉంది, సుడి 30 మీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. 30ని 3తో భాగిస్తే 10 మీటర్లు. అంటే సుడికి మన వైపున్న పది మీటర్ల మేర పైరు చాటున పడి ఫొటోలో రానే రాదు, చిన్న సుడి అయితే పూర్తిగా మాయమవుతుంది. అదే కెమెరా 10 మీటర్ల ఎత్తులో ఉంటే దాగేది సుమారు మూడు మీటర్లే. ఎండిన పైరు సగం ఎత్తులో ఇంకా నిలిచి ఉంటే ఈ దూరాలు సగమవుతాయి.

అందువల్ల పది మీటర్ల ఎత్తు దొరకకపోతే, ఎదురెదురు పొడవాటి గట్ల నుంచి రెండు ఫొటోలు తీసి, ఒక్కో ఫొటోలో తనకు దగ్గరగా ఉన్న సగం గళ్ళనే లెక్కించండి. వెడల్పు యాభై మీటర్లు కనుక అప్పుడు ఏ గడీ పాతిక మీటర్లు దాటి ఉండదు. ఆరు మీటర్ల గడతో దాగే మేర ఐదు మీటర్లలోపు ఉంటుంది. గొప్ప ఫలితమేమీ కాదు గాని, ఎటువైపు తప్పు వస్తుందో మనకు తెలుస్తుంది: నష్టం తక్కువగానే కనిపిస్తుంది, ఎక్కువగా కాదు.

ఫోనులో 0.5 అని చూపించే అతి వెడల్పు కెమెరాను వాడకండి, పనోరమా కూడా వద్దు. రెండింటిలోనూ తిన్నని గట్టు విల్లులా వంగుతుంది. గట్టు వంగిన ఫొటో మీద గీసిన తిన్నని గీతకు అర్థం లేదు. వెలుతురు విషయంలో పలుచని మబ్బు పట్టిన పగటిపూట అన్నిటికంటే మంచిది. సాయంత్రపు ఏటవాలు ఎండలో నీడలు సుడుల్లా కనిపిస్తాయి, పచ్చని పైరు కూడా బంగారు రంగు తిరుగుతుంది.

గళ్ళు గీయడం

పై నుంచి తీసిన ఫొటో అయితే కంప్యూటరులో జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో పని అయిపోతుంది. ఫొటోను గట్లు అంచులకు సమాంతరంగా వచ్చేలా తిప్పి, గట్టును వదిలి పైరు వరకే కత్తిరించండి. కత్తిరించాక మిగిలింది 3520 × 2200 పిక్సెళ్ళు అయితే, గడి వెడల్పు 352, ఎత్తు 220. ఈ అంకెలను `Image > Configure Grid` లో ఇచ్చి, `View > Show Grid` నొక్కితే గళ్ళు కనిపిస్తాయి. అయితే ఇవి తెర మీద కనిపించేవే గాని ఫొటోలో నిలవవు. ముద్రించుకోవాలన్నా, ఇంకొకరికి పంపాలన్నా `Filters > Render > Pattern > Grid` ద్వారా గీయించాలి. గొలుసు గుర్తు మీద నొక్కి, వెడల్పు ఎత్తులను విడదీయడం మరచిపోతే చతురస్రాలు వస్తాయి, చేను చతురస్రం కాదు.

ఏటవాలు ఫొటోకు ఇలా సమానమైన గళ్ళు గీయడమే చాలామంది చేసే మొదటి తప్పు. అటువంటి ఫొటోలో దూరపు సెంటు చిన్నగా, దగ్గరి సెంటు పెద్దగా ఉంటుంది కాబట్టి గళ్ళు కూడా అలాగే కుదించుకుపోవాలి. ఇరవై కర్రలు పాతింది ఇందుకే. ఎదురెదురు గట్ల మీది జత కర్రల పీలికలను తిన్నని గీతలతో కలిపితే, ఫొటో ఎంత ఏటవాలుగా ఉన్నా ఇరవై ఐదు పెద్ద గళ్ళు సరైన చోట పడతాయి. నేల మీద తిన్నగా ఉన్న గీత మంచి కెమెరాలో తిన్నగానే పడుతుంది కాబట్టి ఇది సాధ్యమవుతుంది. ఆ తర్వాత ప్రతి పెద్ద గడిలోనూ మూల నుంచి మూలకు రెండు కర్ణాలు లేతగా గీయండి. అవి కలిసే చోటే ఆ గడికి నిజమైన నడిమి బిందువు, చూపుకు అది కాస్త పైకి జరిగినట్టు అనిపించినా సరే. ఒక వరుసలోని నడిమి బిందువులన్నింటినీ కలుపుతూ గట్టు నుంచి గట్టు దాకా గీత లాగితే వరుస రెండుగా చీలుతుంది. నిలువు వరుసల్లోనూ అలాగే చేస్తే ఇరవై ఐదు గళ్ళు వంద గళ్ళవుతాయి. స్కేలు, సన్నని పెన్ను, ఏ4 కాగితం మీద ముద్రించిన ఫొటో ఉంటే ఈ పని అరగంటలో ముగుస్తుంది. ఫొటో మీద నేరుగా గీయకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద గీస్తే, తప్పు వచ్చినప్పుడు తుడిచి మళ్ళీ గీసుకోవచ్చు.

చేను రెండు కొసలూ ఒకే వెడల్పు లేకపోతే, ఉదాహరణకు ఒక కొస 55 గజాలు, మరో కొస 45 గజాలు ఉంటే, వెడల్పు కొస గళ్ళు సగటు గడి కంటే దాదాపు పదో వంతు పెద్దవవుతాయి. సుడులన్నీ ఆ కొసనే ఉంటే అంతమేర నష్టం తక్కువగా లెక్కకొస్తుంది. ఈ మాత్రం తేడాను సర్దుకుపోవచ్చు. అంతకు మించి వంకరగా ఉన్న చేనును మధ్యలో ఒక పురికొస కట్టి రెండు ముక్కలుగా లెక్కించడమే నయం.

లెక్కించడం: ముట్టుకున్న గడి కాదు, నడిమి చుక్క

ఇక్కడే పెద్ద తేడా వస్తుంది. నేను మొదటిసారి ఈ పద్ధతిని ప్రయత్నించినప్పుడు సుడి తగిలిన ప్రతి గడినీ ఎండినట్టు రాసుకున్నాను. మూడు సుడులున్న చేనులో మూడో వంతు పంట పోయిందని తేలింది. చేలోకి దిగి నడిచి చూస్తే అందులో సగం కూడా లేదు. గడిలో చిటికెడు ఎండినా గడంతా లెక్కలోకి వస్తే, సుడి చుట్టూ ఒక గడి వెడల్పున లేని నష్టం చేరుతుంది. సుడి ఎంత చిన్నదైతే ఆ తప్పు అంత పెద్దది.

అందువల్ల ప్రతి గడి నడిమి బిందువును మాత్రమే చూసి, అది ఎండిన పైరు మీద పడితే 1, పచ్చని పైరు మీద పడితే 0 వేయండి. గడిలో మిగతా భాగం ఎలా ఉన్నా పట్టించుకోకండి. ఒక గడిలో ముప్పాతిక వంతు ఎండినా నడిమి చుక్క పచ్చని దాని మీద పడవచ్చు, మరో గడిలో కొంచెమే ఎండినా చుక్క సరిగ్గా అక్కడే పడవచ్చు. వంద గళ్ళలో ఈ ఎక్కువ తక్కువలు చాలావరకు సరిపోతాయి. చుక్క సరిగ్గా అంచు మీద పడి తేల్చుకోలేకపోతే, అలాంటి చుక్కల్లో మొదటిదానికి 1, రెండోదానికి 0, ఇలా మార్చి మార్చి వేయండి. మనసు ఎటు మొగ్గితే అటు వేస్తూ పోతే నష్టం వచ్చిన రైతు చేతిలో లెక్క పెరుగుతుంది, నష్టం తక్కువ చూపదలచిన వారి చేతిలో తగ్గుతుంది.

మన ఎకరంలో మూడు సుడులున్నాయనుకుందాం. మొదటిది గుండ్రంగా, సుమారు 18 గజాల అడ్డకొలతతో ఉంది. రెండోది కోలగా 30 గజాల పొడవు, 16 గజాల వెడల్పు ఉంది. మూడోది గట్టు దగ్గర 6 గజాల చిన్న మచ్చ. సుడి తగిలిన గళ్ళన్నీ లెక్కిస్తే 31 వచ్చాయి. పూర్తిగా ఎండిన గళ్ళు 4 మాత్రమే. అంటే నిజమైన నష్టం 4కూ 31కీ మధ్య ఎక్కడో ఉంది. నడిమి చుక్కల లెక్కలో 14 వచ్చింది.

ఈ 14ను ఇంకా గట్టిచేయడానికి గళ్ళన్నింటినీ చిన్నవి చేయనక్కరలేదు. పూర్తిగా ఎండిన నాలుగు గళ్ళలోనూ, సుడి అసలు తగలని 69 గళ్ళలోనూ కొత్తగా తెలిసేదేమీ లేదు. మిగిలిన 27 అంచు గళ్ళను మాత్రం ఒక్కోదాన్ని నాలుగు చేసి, ఆ నాలుగింటి నడిమి చుక్కలను చూడండి. 108 చుక్కల్లో 41 ఎండిన పైరు మీద పడ్డాయనుకుంటే, ఒక్కో చుక్క పావు సెంటు కనుక 41ని 4తో భాగిస్తే 10.25 సెంట్లు. దానికి పూర్తిగా ఎండిన 4 కలిపితే 14.25 సెంట్లు, అంటే 5.7 గుంటలు. సుడుల కొలతల నుంచి వైశాల్యం కట్టి సరిచూసుకుంటే మొదటిది 254, రెండోది 377, మూడోది 28, మొత్తం 659 చదరపు గజాలు. సెంటుకు 48.4 చొప్పున 13.6 సెంట్లు వస్తాయి. సుడి నిజంగా వృత్తం కాదు, దాని అంచు తునకలు తునకలుగా ఉంటుంది కనుక ముప్పాతిక సెంటు తేడా సహజమే. ఇదే తేడా ఐదారు సెంట్లు ఉంటే మాత్రం గీతలు ఎక్కడో తప్పాయని అర్థం, ముందుగా మూల కర్రల పీలికలను చూడండి.

మీరు లెక్కించిన అంకె చెప్పకుండా అదే ఫొటోను ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి లెక్కించమనండి. ఇద్దరి మధ్య రెండు సెంట్లకు మించి తేడా వస్తే అది దాదాపు ఎప్పుడూ సుడి చుట్టూ ఉండే పసుపు వలయం దగ్గరే వస్తుంది. పూర్తిగా ఎండిన మధ్య భాగానికీ పచ్చని పైరుకీ నడుమ ఆకులు పండుబారిన పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని ఒకరు ఎండినట్టు, ఇంకొకరు బతికున్నట్టు వేస్తారు. దీనికి మందు ఆ పట్టీకి వేరే గుర్తు పెట్టడమే. ఎండినదానికి 'ఎ', పండుబారినదానికి 'ప' అని రాసి రెండు అంకెలూ విడివిడిగా చూపండి. ఎండినచోట గింజ ఆశ లేదు. పండుబారిన చోట కంకి ఏ దశలో ఉందన్న దాన్ని బట్టి సగమో పావో గింజ దక్కవచ్చు, దాన్ని ఫొటో చెప్పలేదు.

ఈ కారణంగానే 14.25 శాతం విస్తీర్ణం ఎండిందనడం, 14.25 శాతం దిగుబడి పోయిందనడం ఒకటి కావు. ప్రకృతి విపత్తుల కింద పెట్టుబడి సాయానికి కేంద్రం 2015 నుంచి చూస్తున్న 33 శాతం హద్దు పంట నష్టానికి సంబంధించింది, దాన్ని నిర్ధారించాల్సింది చేలోకి వచ్చి చూసే అధికారులు. మీ ఫొటో వారి లెక్కకు బదులు కాదు గాని, తేదీతో, కర్రలతో, గళ్ళతో ఉన్న కాగితం చేతిలో ఉంటే మాట్లాడడానికి ఒక ఆధారం ఉంటుంది. ముఖ్యంగా ఎండిన పైరును కోసేశాక, దున్నేశాక.

కర్రలను వెంటనే పీకేయకండి. నాలుగైదు రోజుల తర్వాత అదే చోటు నుంచి, అదే ఎత్తు నుంచి మళ్ళీ తీసి, పాత ప్లాస్టిక్ షీటునే కొత్త ఫొటో మీద పరిచి మూలలు కలిపితే, మందు కొట్టాక దోమ ఆగిందో లేదో తెలుస్తుంది. కలవకపోతే కెమెరా జరిగిందన్నమాట, గీతలు మళ్ళీ గీయాలి. కంటికి సుడి కొంచెమే పెరిగినట్టున్నా విస్తీర్ణంలో అది కొంచెం కాదు. 18 గజాల అడ్డకొలత 21 అయితే, పెరిగింది చుట్టూ గజంన్నర చొప్పునే అయినా, ఎండిన నేల మూడో వంతుకు పైగా పెరిగినట్టు. అయితే రెండో లెక్క 15 సెంట్లకు లోపే వస్తే దాన్ని పెరుగుదలగా తీసుకోకండి, ముప్పాతిక సెంటు తేడా లెక్కించే చేతిలోనే ఉంటుంది. అప్పుడు సుడి అంచున దుబ్బు విడదీసి మొదళ్ళలో పిల్ల పురుగులు ఇంకా ఉన్నాయేమో చూసి, మూడో ఫొటోకు మరో నాలుగు రోజులు ఆగండి.